పేరు చెబితే చాలు

నేను జన్మలో రాసింది ఒక్కటే ఉత్తరం. దాని దెబ్బకు ఎత్తిన పాడె మధ్య వీధిలో ఆగిపోయింది. మా మర్గిలాన్‌లో పెద్ద చదువులు చదివినవాళ్లున్నారు, పద్యాలు కట్టినవాళ్లున్నారు. వాళ్లు రాసినదానికి టీకొట్టులో ఈగ కూడా ఆగి చూడలేదు. మా ఊరి బడిలో నాలుగు అక్షరాలు ముక్కున పట్టుకున్న ఈ తోలిబ్ రాస్తే, చచ్చినవాడు ఆగాడు. నమ్మకపోతే మానేయండి. టీ మాత్రం చల్లారనివ్వకండి.

నాది గాడిదబండి. కాలవ అవతల గట్టునుంచి పసుపుపచ్చ మట్టి తోలుతాను. ఆ మట్టి కొనేవాడు నోర్మత్ ఉస్తా. ఉస్తా అంటే పనిలో ఆరితేరిన మేస్త్రి. రొట్టెలు కాల్చే మట్టి తందూర్లు కడతాడు. మేమిద్దరం ఒకే బల్లమీద కూర్చుని ఒకే పంతులు చేత చెవులు పిండించుకున్నవాళ్లం. మట్టిలో మేకవెంట్రుకలు కలిపి, కాళ్లతో తొక్కి, కొన్నాళ్లు మాగబెట్టి, చుట్టమీద చుట్ట పెట్టుకుంటూ గోడ లేపుతాడు. పూటకు జానెడుకు మించి లేపడు. "ఎందుకురా అంత నెమ్మది, తందూరు కడుతున్నావా, పిల్లను కని పెంచుతున్నావా?" అంటే, "తొందరపడితే కింది చుట్ట కూలబడుతుంది, నీ నోరులాగా" అనేవాడు. కట్టింది నీడలో ఆరాలి. ఎండ తగిలితే పగులుతుంది. అందుకే అతని పనికి చోటు కావాలి. మా పేట చివర పెద్ద రెల్లుకప్పు కింద ఎప్పుడూ నాలుగైదు తందూర్లు నోళ్లు తెరుచుకుని ఆరుతూ ఉండేవి. ఆ ఆవరణ ఇప్పటికీ అక్కడే ఉంది, కావాలంటే వెళ్లి చూసి రండి.

అతని తందూరు వేడి గురించి ఒక్క ముక్క చెబుతాను. ఒకసారి కొత్త తందూరుకు మొదటి మంట పెట్టి, లోపలి గోడకు పత్తిగింజల నూనె పూస్తున్నాడు. నా గాడిద పక్కనుంచి వెళ్లింది. వెళ్లేటప్పుడు దానికి తోక ఉంది, వచ్చేటప్పుడు లేదు. బండిలో ఉన్న పిండిమూట ఇంటికి చేరేసరికి రొట్టె అయింది.

సరే, అసలు సంగతికి వస్తాను.

ఆ ఏడు పని తగ్గిపోయింది. రొట్టెలవాళ్లు కొందరు కరెంటు పొయ్యిలకు మళ్లారు. మీట నొక్కితే చాలు, పొగ లేదు, బూడిద లేదు. ఆవరణ నేల మాత్రం ఉస్తాది కాదు. నేల యజమాని మంచివాడే, కానీ అతనికి కార్లు కడిగే దుకాణం పెట్టుకుంటానని ఒకడు తగిలాడు. "ఉస్తా, మీరు మా నాన్న నాటినుంచీ ఉన్నారు. చలి ముదిరేలోపు మీ చేతిలో పనులుంటే ఉండండి. లేకపోతే నన్ను తిట్టుకోకండి" అని చెప్పి పోయాడు. ఆరబెట్టే చోటు పోతే తందూరు పనివాడు నీళ్లులేని చేప. అదీ ఉస్తా ముందున్న గండం.

ఉస్తాకు ఒక్కతే కూతురు, మావ్‌జుదా. నలభైకి దగ్గరపడిన మనిషి. పెళ్లి మాట ఎవరెత్తినా, "మట్టి తొక్కే కాళ్లున్న మొగుణ్ణి తెండి, చూద్దాం" అనేది. తండ్రి మోకాళ్లు మొరాయించాక మట్టి తొక్కేది ఆమే. చేతిపనుల వాళ్ల కోసం ఊళ్లో ఏదో తరగతి పెడితే వెళ్లి వచ్చింది.

"అక్కడ ఏం చెప్పారమ్మా?" అని అడిగాను.

"పని నచ్చినవాడికి ముందు కృతజ్ఞత చెప్పాలట బాబాయ్. ఏం నచ్చిందో అతని మాటల్లోనే చెప్పాలట. ఆ తర్వాత నెమ్మదిగా, మీలాంటి పని చేసేవాళ్లు ఎవరైనా ఉంటే మా పేరు చెప్పండి అని అడగాలట. కాదనడానికి అతనికి దారి వదలాలట."

"దారి వదిలితే పారిపోడూ?"

"పారిపోయేవాణ్ణి కట్టేసి తెచ్చుకుంటే మంచి మాట చెబుతాడా?"

ఉస్తా గుర్రుమన్నాడు. "నా నలభై ఏళ్ల పనిలో ఎవర్నీ అడగలేదు. తందూరే చెబుతుంది."

"తందూరుకు నోరుంది కానీ నాలుక లేదు నాన్నా" అంది ఆమె.

పని నచ్చినవాడు ఒకడు సిద్ధంగా ఉన్నాడు, ఇనోయత్ అకా, మీ మాటలో ఇనోయత్ అన్న. పట్టుసంత వెనక వీధిలో అతని రొట్టెల అంగడి. లావుపాటి మనిషి, నవ్వితే కడుపు ముందు నవ్వేది, మొహం తర్వాత. అతని పాత తందూరు గోడ పెచ్చులూడిపోయి, తడి చేసి అంటించిన రొట్టె పట్టు నిలవక జారి నిప్పుల్లో పడేది. వేసవిలో ఉస్తా దాన్ని పగలగొట్టి కొత్తది నిలబెట్టాడు. నెలపాటు కాల్చి చూసుకుని, గోడ కుదిరిందని నమ్మకం కలిగాక, ఇనోయత్ ఒక పళ్లెం నిండా నువ్వులద్దిన రొట్టెలు పేర్చి ఉస్తా ఇంటికి పంపి, రొట్టె జారడం లేదనీ కట్టెలు తక్కువ పడుతున్నాయనీ కబురు పెట్టాడు. నీలంపూల పళ్లెం.

మా దగ్గర ఒకరింటి పళ్లెం వాళ్లింటికి ఖాళీగా తిరిగి వెళ్లకూడదు. మావ్‌జుదా దాంట్లో ఎండు నేరేడు... కాదు, ఎండిన జర్దాలూ పళ్లు పోసింది. వాటి మీద పెట్టడానికి ఒక చీటీ రాయడానికి కూర్చుంది.

ఇక్కడ నేను మొదట చెప్పిన మాటను కాస్త సవరించుకోవాలి. ఉత్తరం రాసింది నేను కాదు. నేను పక్కన కూర్చున్నాను. కళ్లజోడు తుడిచి ఇచ్చాను. సలహాలు కూడా ఇచ్చాను, దండిగా.

"రాయమ్మా: మా తందూరు వెయ్యేళ్లు నిలుస్తుంది. దీంట్లో కాల్చిన రొట్టె తిని కుంటివాడు పరిగెత్తాడు."

"ఇంకా?"

"నా గాడిద తోక సంగతి కూడా రాయి."

"బాబాయ్, ఆ సంగతి రాస్తే ఇనోయత్ అకా నీళ్లబిందెలు పట్టుకొస్తారు, తందూరు ఆర్పడానికి."

నా మాట ఒక్కటీ పడనివ్వలేదు. ఆమె రాసింది ఇదీ. నాకు ఇప్పటికీ నోటికి వచ్చు:

'ఇనోయత్ అకాకు సలాములు. మీరు పంపిన రొట్టెలు అందాయి. నాన్న ఒకదాన్ని వెనక్కి తిప్పి చాలాసేపు చూసుకున్నారు. ఎక్కడా మాడలేదు, ఎక్కడా పచ్చి లేదు. ఇప్పుడు రొట్టె జారి నిప్పుల్లో పడటం లేదనీ, పత్తికట్టెలు మునుపటంత పట్టడం లేదనీ మీరన్న మాట మాకు పండగ. మమ్మల్ని నమ్మి మీ పాత తందూరును పగలగొట్టనిచ్చారు, ఆ మేలు మరవం.

ఒక చిన్న మనవి. మీలాగే రొట్టెలు కాల్చేవాళ్లలో, గోడ పాడై ఇబ్బంది పడుతున్నవాళ్లు ఒకరిద్దరు మీ ఎరుకలో ఉంటే, వాళ్ల దగ్గర నాన్న పేరు ఒక్కసారి అనండి. పేరు చెబితే చాలు, తక్కినది మా పని. కుదరకపోతే ఏమీ అనుకోం. మీ రొట్టె మా ఇంటికి వచ్చింది, అదే ఎక్కువ.

మీ పొయ్యి ఎన్నడూ ఆరకూడదు.'

కింద తండ్రి పేరు, తన పేరు.

ఉస్తా చదివించుకుని విన్నాడు. రెండోసారి చదవమన్నాడు. "అడుక్కున్నట్టు లేదు కదా?" అన్నాడు.

"లేదు నాన్నా."

"'పేరు చెబితే చాలు' అన్నది ఉండనీ. అది బాగుంది. అంతకు మించి ఎవరినీ ఏమీ కోరొద్దు."

పళ్లెం నా బండిమీదే వెళ్లింది. ఇనోయత్ అంగడి ముందు మంచెమీద కూర్చుని టీ తాగుతున్నాడు. చీటీ విప్పి, దూరంగా పట్టుకుని చదివాడు. కడుపు నవ్వింది, తర్వాత మొహం నవ్వింది.

"ఓయ్ తోలిబూ, ఇది నువ్వు రాసింది కాదు."

"ఎట్లా తెలిసింది?"

"ఒక్క అబద్ధం లేదు." మళ్లీ చదువుకున్నాడు. "ఈ మనిషి ఇన్నాళ్లు ఎందుకు అడగలేదు? నాకెందుకు తట్టలేదు? వచ్చే గప్ మా ఇంట్లోనే. అందరూ వస్తారు. ఉస్తాను తెచ్చి నా పక్కన కూర్చోబెట్టుకుంటాను. చెప్పు అతనికి, కొత్త అంగీ తొడుక్కుని రమ్మని. మట్టి అంగీతో వస్తే పలావు పెట్టను."

గప్ అంటే రొట్టెలవాళ్ల కూడిక. నెలకొకరి ఇంట్లో వంతు. చిన్నప్పటినుంచి కలిసి పెరిగినవాళ్లు, ఒకే పని వాళ్లు కూర్చుని పలావు తింటారు, ఒకరి గుట్టు ఒకరు లాగుతారు, కష్టం సుఖం తేల్చుకుంటారు. బయటివాడు తనంతట తాను వెళ్లలేడు. ఎవరైనా చెయ్యిపట్టి తీసుకెళ్లాలి. అక్కడ ఒకడి పేరు మంచిగా పడిందంటే ఊళ్లో పడ్డట్టే.

ఇనోయత్ చీటీని నాలుగు మడతలు పెట్టి, టోపీ తీసి, లోపల అంచుకింద దోపుకుని, మళ్లీ తలమీద పెట్టుకున్నాడు. "నెత్తిమీద ఉంటే మర్చిపోను" అన్నాడు.

ఆ సాయంత్రం ఉస్తా ఇంట్లో మావ్‌జుదా నాకు మూడు గిన్నెల సూప్ పోసింది. ఉస్తా పెట్టె అడుగునుంచి కొత్త అంగీ తీయించి దులిపించాడు. భుజాల దగ్గర బిగుతుగా ఉంటే, "పెళ్లినాటిదేమోరా" అన్నాను. "కాదు, నీ పెళ్లినాటిది. నువ్వు తిన్న పలావు నా భుజాలకెక్కింది" అన్నాడు. అతను హాస్యమాడటం విని చాలాకాలమైంది.

గప్ ఇంకా రాలేదు. ఒక ఉదయం పిండి కలిపించి, మొదటి వాయి అంటించి, కాస్త నడుము వాలుస్తానని ఇనోయత్ మంచెమీద ఒరిగాడు. రొట్టెలు తీయడానికి లేపితే లేవలేదు.

కబురు పేటపేటకూ పాకింది. మేం వెళ్లేసరికి వీధినిండా మనుషులు. ఇంటి మగవాళ్లు అంగీలకు నడుముగుడ్డలు బిగించి, చేతికర్రలు పట్టుకుని గోడవెంట వరసగా నిలబడ్డారు, దుఃఖంలో ఉన్న ఇంటి గుర్తు అది. లోపల ఆడవాళ్ల ఏడుపు. ఆ ఏడుపు వెనక నాకు ఇంకొకటి తెలిసింది. ఆ వీధిలో ఎప్పుడూ ఉండే రొట్టె వాసన లేదు. చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి రాజేయకూడదు, ఇరుగుపొరుగే అన్నం తెస్తారు. ఉస్తా నా చెయ్యి పట్టుకుని, "తందూరు ఆర్పేశారురా" అన్నాడు. తను కట్టిన తందూరు చల్లబడటం అతను చర్మంతో వింటాడు.

పాడెను వీధిలో పెట్టారు. ఎత్తిన పాడె ఆగిందని మొదట్లో కోశాను కదా, అప్పటికింకా ఎవరూ ఎత్తనే లేదు. ఎత్తని పాడె ఆగడంలో గొప్పేముంది? అదీ పోయింది. నాకు మిగిలింది కళ్లజోడు తుడిచిన ఘనత ఒక్కటే.

ఇమాం ముందుకు వచ్చి అడిగాడు. "ఇతను ఎలాంటి మనిషి?"

"మంచి మనిషి" అన్నాం అందరం. ఆ మాట అడిగితే ఎవరికైనా అలాగే అంటారు. ఆ రోజు మాత్రం కొందరు అడక్కుండానే రెండోసారి అన్నారు.

అప్పుడు కొడుకు షవ్కత్ మాట్లాడాలి, అది ఆచారం. పాతికేళ్లవాడు, అంగడి లెక్కలు చూసేవాడు, పిండి ముట్టిన చెయ్యి కాదు. "మా నాన్న ఎవరికైనా బాకీ ఉంటే ఇప్పుడే చెప్పండి. ఇక అది నా బాకీ. ఆయనను వదిలేయండి" అన్నాడు.

పిండిమిల్లువాడు తల అడ్డంగా ఊపాడు. కట్టెలవాడు గుండెమీద చెయ్యి పెట్టుకుని, ఏమీ లేదన్నాడు. ఇమాం ముందుకు కదిలాడు.

"ఆగండి" అన్నాడు షవ్కత్. "ఒకటుంది."

జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు.

"స్నానం చేయించేటప్పుడు టోపీ తీస్తే ఇది రాలింది. నాన్న మర్చిపోకూడదనుకున్నవి అక్కడ పెట్టుకునేవారు. ఇది నోర్మత్ ఉస్తా ఇంటినుంచి వచ్చింది. ఆయన ఒక మాట అడిగారు. నాన్న ఒప్పుకున్నారు, గప్‌లో చెబుతానని నాతోనే అన్నారు. తీర్చకుండా పోయారు."

ఉస్తా నా చెయ్యి ఎంత గట్టిగా నొక్కాడంటే, నా వేళ్లు ఇప్పటికీ వంకరే. "వద్దని చెప్పరా" అని గొణిగాడు. నేనేం చెప్పను? ఎవరు చెప్పగలరు?

షవ్కత్ చదివాడు. మంచి మాటలు చదివేటప్పుడు బాగానే చదివాడు. 'రొట్టె జారి నిప్పుల్లో పడటం లేదని' అన్నచోట ఆగి, ఆ ముక్క మళ్లీ చదివాడు. 'పేరు చెబితే చాలు' అన్నది చదివి, తలెత్తి రొట్టెలవాళ్లు నిలబడ్డవైపు చూశాడు. చివరి వాక్యం ఒకటి మిగిలింది. దాన్ని చదవబోయి, గోడ వెనక చల్లారిన తందూరు వైపు చూశాడు. మీ పొయ్యి ఎన్నడూ ఆరకూడదు. అది వాడి నోట రాలేదు. కాగితం మడిచేశాడు.

"ఈ బాకీ నాది" అన్నాడు.

పాడె ఎత్తారు. మా దగ్గర పాడెను నెమ్మదిగా తీసుకెళ్లరు, భుజాలు మార్చుకుంటూ దాదాపు పరుగే. ఉస్తా మోకాళ్ల నొప్పి మరిచి, కొత్త అంగీలో, ఆ పరుగులో నాలుగడుగులు భుజం ఇచ్చాడు. తర్వాత వీధి పక్కన కూలబడ్డాడు. అంగీకి దుమ్ము అంటింది. దులపనివ్వలేదు.

ఆడవాళ్లు పాడె దగ్గరకు రారు కాబట్టి మావ్‌జుదాకు సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె మట్టి తొక్కుతోంది. చెబుతున్నకొద్దీ కాళ్లు ఆగాయి.

"అందరిముందూ చదివాడా?"

"చదివాడమ్మా."

"శవం పక్కన?"

"ఊఁ."

మట్టిలోనే కూర్చుండిపోయింది. "నేను మా నాన్నను పాడె దగ్గర చెయ్యి చాపేవాణ్ణి చేశాను బాబాయ్. తరగతిలో ఏం చెప్పారో అన్నీ చేశాను. సంతోషంగా ఉన్నప్పుడే అడగమన్నారు, అడిగాను. మనిషి చచ్చిపోతే ఏం చేయాలో వాళ్లు చెప్పలేదు."

ఏడ్చే మనిషిని ఊరడించాలంటే నాకు అబద్ధాలే దిక్కు. "ఇనోయత్ పాడెలోనే నవ్వాడమ్మా, కడుపు కదిలింది, నేను చూశాను" అన్నాను. ఆమె నన్ను కొట్టలేదు. అదే నా మొహాన కొట్టినట్టయింది.

మర్నాడు ఉస్తా షవ్కత్ దగ్గరకు వెళ్లాడు. నేనే తోలుకెళ్లాను. "నాయనా, ఆ చీటీ ఇచ్చేయి. నేనేమీ అడగలేదనుకో. మీ నాన్న నాకేమీ బాకీ లేడు."

షవ్కత్ కళ్లు వాచి ఉన్నాయి. "మీరు వదిలేస్తే బాకీ పోతుంది ఉస్తా. కానీ దాంతో ఆయన మాట కూడా పోతుంది. టోపీలో పెట్టుకుని తిరిగిన మాట. నలభై రోజులు వెళ్లాక గప్ మా ఇంట్లో పెడతాను. నాన్న వంతు అది. మీరు వచ్చి నాన్న చెప్పినచోట కూర్చోండి. రాకపోతే ఆయన్ను మాట తప్పినవాణ్ణి చేసినట్టే."

తిరుగుదారిలో ఉస్తా ఒక్కమాట అన్నాడు. "ఘనకార్యమే చేశానురా. నేను కోరుకున్నదే దేవుడు ఈ దారిన ఇస్తున్నాడు. తీసుకోలేను. కాదనలేను."

నలభై రోజుల భోజనం అయిపోయింది. గప్ రోజు వచ్చింది. నేను బయటివాణ్ణే, కానీ ఉస్తాను దింపే వంకతో గడపదాకా వెళ్లాను, గడపలో ఉన్నవాణ్ణి లోపలికి రమ్మనక తప్పదు కదా. రొట్టెలవాళ్లు గోడవెంట చుట్టూ కూర్చున్నారు. ఇనోయత్ కూర్చునే పరుపు ఖాళీ. దాని పక్కన ఉస్తా. మామూలుగా గప్‌లో సగం మాటలు బూతులు, సగం నవ్వులు. ఆ రోజు చెంచాల చప్పుడే వినబడింది.

పలావు అయ్యాక షవ్కత్ లేచి నిలబడి, వాళ్ల నాన్న గొంతు అరువు తెచ్చుకున్నట్టు చెప్పాడు. "ఈయన నోర్మత్ ఉస్తా. మా తందూరు ఈయన కట్టారు. గోడ బాగుంది, రొట్టె జారదు. మా నాన్న మీకు చెబుదామనుకున్నారు. నేను చెబుతున్నాను." కూర్చున్నాడు.

ముందు నోరు తెరిచింది ఘాఫర్. అతనికి ఊరంతటికీ పెద్ద కరెంటు పొయ్యి ఉంది. "నాకొకటి కట్టండి ఉస్తా" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

"నాకూ" అన్నాడు పక్కవాడు. "నాకూ ఒకటి." మాట వరసగా గోడవెంట తిరిగింది. ఒక్క తిరుగుడులో ఆవరణ గట్టెక్కింది. నేను మనసులో కార్లు కడిగేవాడి మొహాన తడిగుడ్డ వేశాను.

ఉస్తా టీగిన్నె కింద పెట్టాడు. "ఘాఫర్, నీ దగ్గర పత్తికట్టెలు ఎక్కడ పెడతావు?"

"ఆఁ... ఎక్కడో పెడతాను."

"పొగ గొట్టం ఎక్కడ?"

"ఉస్తా, కట్టండి అంటున్నాను కదా. డబ్బు నాది."

"నా తందూరులో కోడిని పొదిగిస్తావు నువ్వు" అన్నాడు ఉస్తా. ఆ ఒక్కచోట నవ్వు వచ్చింది, వెంటనే తెగింది. "నాయనలారా, మీరంతా ఇనోయత్‌కు పెట్టాలనుకుంటున్నారు. నాకు పెడుతున్నారు. మా అమ్మాయి ఆ చీటీలో రాసింది చదివించుకున్నాను. పేరు చెబితే చాలు అంది. కొనాలని అనలేదు. అతని కొడుకు నా పేరు చెప్పాడు. ఇనోయత్ బాకీ ఇక్కడ, ఈ పలావు దగ్గర, తీరిపోయింది. మీరందరూ సాక్షులు. ఇక ఎవరి గోడ నిజంగా పాడైందో వాళ్లే అడగండి. తక్కినవాళ్లు అడిగితే నేను ఏడుపును అమ్ముకున్నవాణ్ణవుతాను."

మర్నాడు ఇంటింటికీ తిరిగి తందూర్లలో తల పెట్టి చూశాడు. వేళ్లతో తట్టి విన్నాడు. బాగున్నవాళ్లకు బాగుందని చెప్పాడు. పగిలినవి రెండే. ఆ రెండూ ఒప్పుకున్నాడు.

"కళ్లు కాస్త చికిలించి చూసుంటే ఇంకో రెండు పగుళ్లు కనబడేవి కదరా" అన్నాను.

"నీ కళ్లకు కనబడతాయి. అందుకే నువ్వు గాడిదను తోలుతున్నావు" అన్నాడు.

ఆ రెండు తందూర్లూ కట్టాడు. వాటి పనిలో ఉండగానే ఒక రోజు షవ్కత్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తండ్రి పోయిన నాలుగో రోజే తందూరు రాజేశాడు కానీ పనివాళ్లే కాల్చేవారట. ఆ రోజు మొదటిసారి తనే చేతికి గుడ్డదిండు తొడుక్కుని రొట్టెలు అంటించాడు. ముంజేయి కాలి బొబ్బలెక్కి ఉంది. నీలంపూల పళ్లెం ఉస్తాకు అందించాడు. రొట్టెలు ఒకవైపు మాడాయి, ఒకవైపు పచ్చి. ఉస్తా ఒకదాన్ని తిప్పి చాలాసేపు చూశాడు. "గోడ పట్టింది" అన్నాడు. విరిచి, మాడిన ముక్క తను తిని, మంచి ముక్క నాకిచ్చాడు. షవ్కత్ అప్పుడు ఏడ్చాడు. పాడె దగ్గర ఏడవనిదంతా ఆ గుమ్మంలో ఏడ్చాడు.

పళ్లెం ఖాళీగా వెళ్లకూడదు. మావ్‌జుదా జర్దాలూ పళ్లు పోసింది. కాగితం తీసింది, కలం తీసింది. నేను కళ్లజోడు తుడిచి ఇచ్చాను. 'మీ రొట్టెలు అందాయి' అని రాసింది. ఆ తర్వాత 'కృతజ్ఞతలు' అని రాసింది. చివర ఏమి రాయాలో తోచక నావైపు చూసింది.

"పొయ్యి ఆరకూడదని రాయమ్మా" అన్నాను. ఈసారి నా సలహా వింది. చీటీలో ఏమీ అడగలేదు.

ఇక మీరు లేచి వెళ్లబోయేముందు ఒకటి చెప్పాలి. ఇందులో నేను కల్పించింది ఒకటుంది. గాడిద తోక అనుకుంటున్నారు కదా? దాన్ని అడగండి, నిజమో కాదో. టోపీలో చీటీ నిజం, పాడె దగ్గర చదవడం నిజం, పళ్లెం నిజం. ఆవరణ ఇప్పటికీ అక్కడే ఉంది, వెళ్లి చూడండని మొదట్లో అన్నానే, అదీ నేను అల్లింది. రెండు తందూర్లతో చలికాలం గట్టెక్కలేదు. అక్కడిప్పుడు కార్లు కడుగుతారు, సబ్బునీళ్లు వీధిదాకా వస్తాయి. నోర్మత్ ఇంటి ద్రాక్షపందిరి కింద ఒక్క తందూరుకే చోటుంది, ఒకటి ఆరేదాకా ఇంకొకటి మొదలెట్టడు. నేను మట్టి అక్కడికే తోలుతున్నాను. వెళ్లి చూడకండి.